బంచరాయి బోడిగా మారితే

‘ట్రాజెడీ ఆఫ్ ది కామన్స్’ను మనం ‘ఉమ్మడి వనరుల విషాదం’ అంటున్నాం. గారెట్ హార్డిన్ 1968లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం పేరది. అందులోని పచ్చిక బయలు ఉదాహరణను మాత్రం 1833లోనే విలియం ఫోర్‌స్టర్ లాయిడ్ చెప్పాడు.

మన ఊరి బంచరాయినే తీసుకోండి. వంద పశువులకు సరిపడా గడ్డి ఉంది, పది ఇళ్లవాళ్లు తలా పది తోలుతున్నారు. ఒకాయన పదకొండో ఆవును కొన్నాడు. దాని పాలన్నీ ఆయనవే. తరిగిన మేత నష్టం మాత్రం పది ఇళ్లకూ పంచబడుతుంది, ఆయన వంతుకు వచ్చేది పదో వంతే. ఆయన లెక్క తప్పు కాదు. అదే లెక్క పది మందీ వేస్తారు. గడ్డి మొదలంటా కొరికేసి, పశువు ముట్టని తంగేడు పెరిగిందంటే బీడు చెడుతోందన్నమాట. హార్డిన్ దృష్టిలో ‘విషాదం’ అంటే దుఃఖం కాదు, ఆపలేని ఈ గతి.

అయితే ‘ఉమ్మడి’ అన్న మాటను నిందించడం అన్యాయం. మన చెరువులూ ఉమ్మడివే. కానీ తూము దగ్గర నీరటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంత నీరో అతనే వదిలేవాడు. ఇలాంటి కట్టుబాట్లు దేశదేశాల్లో ఎలా నిలిచాయో ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో పుస్తకం రాసి చూపింది, 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకుంది. హార్డిన్ కూడా తర్వాత, తాను చెప్పింది ‘అజమాయిషీ లేని’ ఉమ్మడి గురించేనని సవరించుకున్నాడు.