బట్టీ దాటొచ్చిన రంగు

జైపూర్ జోహరీ బజారు వెనక సందులో, ఇరుకు మెట్లెక్కి గదిలో అడుగుపెడతారు. మూలనున్న ఎలక్ట్రిక్ బట్టీ సెగ మొహానికి తగులుతుంది. ఉస్తాద్ మీ అరచేతిలో ఊదారంగు అమెథిస్ట్ ముక్కలు పోస్తాడు. వాటిని మూసలో సన్నని ఇసుక మధ్య, ఒకదానికొకటి తగలకుండా పేరుస్తాడు. వేడి అన్నివైపులా సమంగా అందాలి.

వేడిని నెమ్మదిగా పెంచుతాడు. 400 డిగ్రీల సెల్సియస్ దాటాక ఊదా రంగు పోతుంది. ఆ రంగు రాయిలోని కొద్దిపాటి ఇనుముకు భూగర్భంలో సహజ రేడియేషన్ సోకడం వల్ల వచ్చింది. వేడికి ఆ అమరిక చెదిరి, ఇనుము పసుపునిస్తుంది. బట్టీ చల్లారేదాకా ఉస్తాద్ తలుపు తీయనివ్వడు, తొందరపడితే రాళ్లు చిట్లుతాయి. మర్నాడు మూస తీస్తే నారింజ, తేనెరంగు సిట్రిన్లు. ఒకటి మాత్రం పాలిపోయింది. ఏ గని రాయి ఎలా మారుతుందో కాల్చాకే తెలుస్తుంది. బజారులో దొరికే సిట్రిన్లలో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. కాల్చకుండా దొరికేవి సాధారణంగా లేత పసుపు, కొంచెం పొగచాయ.

ఇప్పుడు టాంజనైట్. టాంజానియాలోని మెరెలాని కొండల్లో 1967లో వెలుగు చూసిన రాయి ఇది. కాల్చని ముక్కను దీపం ముందు తిప్పమంటాడు. ఒకవైపు నీలం, ఇంకోవైపు ఊదా, మూడోవైపు గోధుమ పసుపు. 500-600 డిగ్రీల దగ్గర రాయిలోని వెనేడియం స్థితి మారి, ఆ మూడో రంగు తొలగిపోతుంది. నీలం, ఊదా మిగులుతాయి. లోపల పగుళ్లున్న రాయి మాత్రం బట్టీలోనే బద్దలవుతుంది.

"దాదాపు అన్నీ కాల్చినవే బాబూ. కాల్చాక వచ్చిన రంగు పోదు. కాల్చలేదని ఎక్కువ ధర అడిగితే మూడో రంగు చూపించమనండి" అంటాడు ఉస్తాద్.

ఆ మూడో రంగు కనిపించినా ఖరీదైన రాయికి ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. పైన రంగు పూత వేసిన టాంజనైట్లూ ఉంటాయి. పూత అంచుల దగ్గర అరిగిపోతుంది కనుక, పూత ఉందా అని విడిగా అడగండి.

సిట్రిన్ విషయానికొస్తే, మన ఊళ్లలో దాన్ని పుష్యరాగమని అంటగట్టేవాళ్లున్నారు. అసలు పుష్యరాగం నీలమణి జాతిది, సిట్రిన్ క్వార్ట్జ్ జాతిది. దుకాణదారుడు "నేచురల్" అన్నాడని ఊరుకోకండి, రాయి గనిదైతే ఆ మాట నిజమే, రంగు బట్టీది కావచ్చు. "రంగు పుట్టుకతో వచ్చిందా, అమెథిస్ట్‌ను కాల్చారా?" అని అడగండి. ఉంగరం మరమ్మతుకిస్తే, మంట తగలకముందే రాయి తీయమని చెప్పండి.

కాల్చడం మోసం కాదు, దాచడమే మోసం. రాయి పేరు, కాల్చిన సంగతి, పూత సంగతి, మూడూ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు చెల్లించండి.