చూసిందే చెప్పాలన్న నియమం ఎక్కడిది?

ఆడియో డిస్క్రిప్షన్ చరిత్రను దాదాపు అందరూ ఒకే వరసలో చెబుతారు. 1940లలోనే స్పెయిన్ రేడియోలో సినిమాలకు వ్యాఖ్యానం జోడించి వినిపించారు. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ ఫ్రేజియర్ ఈ విషయం మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్‌లో ఒక నాటకానికి వర్ణన తోడైంది. 1990లో బోస్టన్ టీవీ కేంద్రం దాన్ని ఇళ్లకు చేర్చింది. ఆ తర్వాత చట్టాలొచ్చాయి. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఇది పరికరాల చరిత్ర, చట్టాల చరిత్ర. మాటకూ మాటకూ మధ్య దొరికే నాలుగైదు సెకన్లలో వినిపించే ఆ ఒక్క వాక్యం ఎలా ఉండాలో ఎవరు తేల్చారన్న సంగతి ఇందులో లేదు. షార్ట్ ఫిల్మ్‌కు వర్ణన స్క్రిప్టు రాయడానికి కూర్చున్నవాడికి కావలసింది అదే.

ఆ తేల్చడం జరిగింది 1981 నాటి వాషింగ్టన్‌లోనే. నాటకం చూడటానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న అంధులకు వ్యాఖ్యాత జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పేవాడు. ఆ పనికి మనుషుల్ని తయారుచేసింది మార్గరెట్ రాక్‌వెల్, తర్వాత ఆమె భర్త అయిన కోడీ ఫాన్‌స్టీల్. వాళ్ల బోధన సారాంశం ఒక్కటే: కంటికి కనబడింది చెప్పు, దాని అర్థం నువ్వు చెప్పకు. 'ఆమె కోపంగా ఉంది' అనొద్దు, 'పిడికిలి బిగించింది' అను. కోపమో భయమో విన్నవాళ్లే తేల్చుకుంటారు.

ఈ నియమాన్ని తర్వాతివాళ్లు తటస్థతా సిద్ధాంతంగా చదివారు. నాకది సరిగ్గా తోచదు. మార్గరెట్ స్వయంగా చూపులేని మనిషి. పక్కన కూర్చున్న చూపున్నవాళ్లు దయతో ప్రతిదానికీ అర్థం చెప్పేస్తుంటే, తన తీర్పు తనకు మిగలకపోవడం ఎలా ఉంటుందో చూపులేనివాళ్లకు బాగా తెలుసు. అందుకే దాన్ని నేను ఆత్మగౌరవం కోసం పెట్టిన షరతుగా చదువుతాను. పైగా అది రంగస్థలం కోసం పుట్టింది. నాటకంలో ప్రేక్షకుడు వేదికలో ఏ మూలకైనా చూడొచ్చు, కాబట్టి అక్కడ వ్యాఖ్యాత తన ఎంపికను దాచుకోవడం న్యాయమే. సినిమాలో ఆ స్వేచ్ఛ లేదు. ఎటు చూడాలో కెమెరా ముందే తేల్చేసింది. క్లోజప్ ఒక తీర్పు, కట్ ఇంకొకటి. ఆ తీర్పులను వదిలేసి వస్తువులను మాత్రమే లెక్కచెబితే అది తటస్థత కాదు, సగం సినిమా ఎగరగొట్టడం.

ఎక్కడ తేడా వస్తుందో ఒక షార్ట్ ఫిల్మ్ మీద చూద్దాం. ఆంబ్రోస్ బియర్స్ కథ ఆధారంగా రాబెర్ ఎన్రికో 1960ల తొలినాళ్లలో తీసిన ఫ్రెంచి చిత్రం, 'ఔల్ క్రీక్ వంతెన మీద ఒక సంఘటన'. కాన్‌లోనూ ఆస్కార్‌లోనూ బహుమతి అందుకుంది. నిడివి అరగంట లోపే, మాటలు బహు తక్కువ. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఒక మనిషిని వంతెన మీద ఉరితీస్తారు. తాడు తెగుతుంది, అతను నదిలో పడి తప్పించుకుంటాడు, అడవిలో పరిగెడతాడు, చివరికి భార్యను చేరుతుండగా మెడ ఒక్కసారి వెనక్కి విరుగుతుంది. తప్పించుకోవడమంతా ప్రాణం పోయే క్షణంలో మెదిలిన ఊహ.

స్క్రిప్టు రాసేవాడికి ముగింపు తెలుసు, ప్రేక్షకుడికి తెలియదు. కాబట్టి తాడు దగ్గర 'తాడు తెగింది' అనే రాయాలి. 'తెగినట్టుంది' అని రాశాడంటే కథ అక్కడే బయటపడిపోతుంది. సినిమా ఆడే అబద్ధాన్ని వ్యాఖ్యాత కూడా అంతే నిబ్బరంగా ఆడాలి.

కష్టమంతా ఆ తర్వాతి ఘట్టంలో ఉంది. అతను నీటిపైకి తేలాక వంతెన మీది సైనికులు చాలా నెమ్మదిగా కదులుతారు, వాళ్ల గొంతులు సాగిపోయి వినిపిస్తాయి. 'సైనికులు వంతెన మీద కదులుతున్నారు' అని వస్తునిష్ఠంగా రాస్తే, వింటున్నవాళ్లు ఆ సాగిన గొంతులను సౌండ్‌ట్రాక్ లోపం అనుకుంటారు. 'అతని మెదడులో కాలం ఆగిపోయింది' అని రాస్తే రహస్యం పోతుంది. రాయాల్సిన వాక్యం ఇది: 'వంతెన మీద సైనికులు మెల్లగా, బరువుగా కదులుతున్నారు. ఒక్కొక్క అడుగూ ఆలస్యంగా పడుతోంది.' ఇందులో వ్యాఖ్యానం లేదు, కానీ కెమెరా చేసిన పని ఉంది. ముగింపు విన్నాక వెనక్కి తిరిగి ఆలోచించడానికి కావలసిన ఆధారం కూడా ఉంది. చూపున్న ప్రేక్షకుడికి దొరికిన ఆధారమే చూపులేని ప్రేక్షకుడికీ దొరకాలి, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. నియమం ఉండాల్సింది ఈ రూపంలో అని నా వాదన.

చివరి క్షణంలో పని వాక్యం కన్నా దాని చోటుది. భార్య చేతులు చాచి వస్తోందని చెప్పి ఆపేయాలి. కేక వినిపించాకే 'వంతెన కింద అతను తాడుకు వేలాడుతున్నాడు' అనాలి. అర సెకను ముందు పడినా దెబ్బ పోతుంది. ఇక్కడ తెలుగులో రాసేవాడికి అదనంగా ఒక చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'సైనికుడు తుపాకీ ఎత్తి అతని వైపు గురిపెట్టి కాల్చాడు' అని చదివేలోగా తూటా పేలిపోయి ఉంటుంది. 'తుపాకులు ఎక్కుపెట్టారు' అని ముగించి, కాల్పుల సంగతి శబ్దానికి వదిలేయడం మేలు. మాటల లెక్క కూడా ఇక్కడ సాగదు. ఇంగ్లీషు ప్రమాణాలు నిమిషానికి ఇన్ని పదాలంటాయి, మన పదమేమో ఒక్కటే మూడు పదాల పొడవుండొచ్చు. సినిమా నడుస్తుండగా పైకి చదివి, స్టాప్‌వాచ్‌తో చూసుకోవడమొక్కటే నమ్మదగ్గ పద్ధతి.

ఇంత సున్నితమైన తూకం ఒక్కరి వల్ల కాదని తొలినాళ్లలోనే గుర్తించింది జర్మనీ. అక్కడి 'హోర్‌ఫిల్మ్' సంప్రదాయంలో స్క్రిప్టు ముగ్గురు కూర్చుని రాసేవారు, అందులో ఒకరు చూపులేనివారు. శబ్దం ఎంతవరకు చెబుతోందో, మాట ఎక్కడ మొదలవ్వాలో ఆయన రాస్తున్నప్పుడే చెప్పేవారు, పూర్తయ్యాక పరీక్షించడం కాదు. ఈ పద్ధతికి డబ్బూ సమయమూ ఎక్కువ పడతాయి కాబట్టి అందరూ అనుసరిస్తారని ఆశించలేం. చూపులేనివారు బృందంలో ఉన్నంత మాత్రాన స్క్రిప్టు బాగుంటుందనే హామీ కూడా లేదు. అయినా పై ఉదాహరణలో సాగిన గొంతుల చిక్కును మొదటిసారి వినగానే పట్టుకునేది ఆయనే. బొమ్మ చూస్తున్నవాడికి అక్కడ చిక్కుందనే తోచదు.

మన దేశంలో ఢిల్లీకి చెందిన సక్షమ్ సంస్థ 'బ్లాక్' వంటి హిందీ చిత్రాలకు వర్ణన చేసి దారి వేసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆడియో డిస్క్రిప్షన్‌ను ప్రస్తావించింది. 2023లో 'పఠాన్' ఓటీటీ విడుదలకు ముందు ఢిల్లీ హైకోర్టు దాన్ని చేర్చమని ఆదేశించింది. 2024లో కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. ఇవన్నీ అవసరమైనవే, కానీ నాకు తృప్తి లేదు. ఈ ఒత్తిడంతా ట్రాక్ ఉందా లేదా అన్న దగ్గరే ఆగుతోంది. ఆ ట్రాక్ వినదగినదేనా అని అడిగేవాళ్లు తక్కువ. విడుదల తేదీ తరుముకొస్తుంటే రాసే స్క్రిప్టు, ఫాన్‌స్టీల్ దంపతుల నియమాన్ని దాని కారణం తెలియకుండా పాటిస్తుంది, వస్తువుల జాబితా చదువుతుంది.

ఆ మార్గదర్శకాలు థియేటర్లలో ఆడే ఫీచర్ సినిమాలకే కాబట్టి షార్ట్ ఫిల్మ్ వాటి పరిధిలో లేదు. ఇది నష్టమే అయినా అవకాశం కూడా. పది, పదిహేను నిమిషాల సినిమాకు ముగ్గురు కూర్చుని రాయడం పెద్ద ఖర్చేం కాదు. ఎడిటింగ్ బల్ల దగ్గరే మొదలుపెడితే, ఊపిరాడని చోట దర్శకుడు ఒక షాట్‌ను రెండు సెకన్లు పొడిగించగలడు కూడా. నిర్మాణ సంస్థల స్క్రిప్టు రచయితలకు ఆ వీలు ఎప్పుడో గాని దొరకదు. తెలుగులో ఈ విద్యకు ప్రమాణాలు ఏర్పడేదుంటే చట్టం ముట్టని ఈ చిన్న సినిమాల దగ్గరే ఏర్పడాలి. రచయితల పేర్లలో చూపులేనివారి పేరు కూడా కనబడితేనే ఆ ప్రమాణాలను నేను నమ్ముతాను.