బనియను చుట్టుకుంటుంది, పంచె పోగులూడుతుంది: ఎందుకు?

ఒక పాత పంచె, ఒక పాత బనియను తీసుకోండి. రెండూ నూలే. కత్తెరతో రెండింటినీ అడ్డంగా కత్తిరించండి. పంచె అంచున పోగులు ఊడివస్తాయి. బనియను అంచు అలా ఊడదు, గొట్టంలా చుట్టుకుపోతుంది. లాగితే పంచె కదలదు, బనియను సాగుతుంది. నూలు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది?

మొదటి ఆధారం భూతద్దంలో దొరుకుతుంది. పంచె నేత. నిలువునా పడుగు, అడ్డంగా పేక, ఒకదాని పైనుంచీ కిందనుంచీ దాదాపు తిన్నగా సాగుతాయి. తిన్నగా ఉన్న నూలుపోగును లాగితే అది పెద్దగా సాగదు. బనియను అల్లిక. అందులో దారం వరస పొడవునా లూపులు తిరుగుతుంది, ప్రతి లూపూ కింది వరస లూపులోంచి దూరి వస్తుంది. లాగినప్పుడు దారం సాగదు, లూపు ఆకారం మారుతుంది. అందుకే బనియనును అడ్డంగా లాగితే పొడవు తగ్గుతుంది.

రెండో ఆధారం దర్జీ దగ్గర ఉంది. క్రాస్ కట్ జాకెట్ ఒంటికి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. నేతగుడ్డే అయినా, మూలవాటంగా లాగినప్పుడు పడుగూ పేకా కలిసే చదరాలు వాలిపోయి గుడ్డ సాగుతుంది. అంటే సాగుడు పోగులో లేదు, పోగు నడిచే దారిలో ఉంది.

ఇక పోగులు ఊడటం. పంచె అసలు అంచున పేక వెనక్కి తిరిగి పడుగును పట్టి ఉంచుతుంది, కాబట్టి అక్కడ ఏదీ ఊడదు. అడ్డంగా కోసినచోట మాత్రం, కోతకు సమాంతరంగా ఉన్న పేకను ఆపేది ఒక్క రాపిడే. బనియనులో ఒక్కో లూపును పక్క లూపులు పట్టుకుంటాయి. అయితే ఒక లూపు తెగితే ఆ నిలువు వరసలో లూపులు జారి గుడ్డ నిచ్చెనలా చీలుతుంది.

చివరిది చుట్టుకోవడం. సాదా అల్లికలో లూపుల కాళ్లు ముందువైపు, వంపులు వెనకవైపు ఉంటాయి. వంగిన దారం తిన్నబడాలని చూస్తుంది, కానీ గుడ్డ రెండు ముఖాలూ ఒకేలా లేవు. అందుకే పక్క అంచులు వెనక్కి, పై కింది అంచులు ముందుకి చుట్టుకుంటాయి. సాక్షి సాక్సు పైపట్టీ: అందులో ఒక నిలువు వరస ముందుకి, పక్క నిలువు వరస వెనక్కి అల్లి ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిళ్లు తుల్యమై పట్టీ చుట్టుకోదు.

ఒక్క జాగ్రత్త: లైక్రా కలిపిన నేతగుడ్డ కూడా సాగుతుంది. కాబట్టి సాగుడు ఒక్కటి చూసి తీర్పివ్వకండి. అంచున ఒక పోగు లాగి చూడండి, ఏది నేతో ఏది అల్లికో తెలిసిపోతుంది. నేతగుడ్డ కుట్టేముందు అంచు మడవండి, అల్లికగుడ్డకు జిగ్‌జాగ్ కుట్టు వేయండి.