72 గంటల మాత్ర: ఆ గడువు ఎక్కడిది?

మెడికల్ షాపులో ఐపిల్ అడిగితే ఇచ్చే పెట్టెలో ఒకే ఒక్క మాత్ర ఉంటుంది. అందులోని మందు పేరు లెవోనార్జెస్ట్రెల్, మోతాదు 1.5 మిల్లీగ్రాములు. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మాలా-డి మాత్రలోనూ ఇదే మందు ఉంది. కాకపోతే అందులో రోజుకు 0.15 మిల్లీగ్రాములే. అంటే పది రోజుల మందును ఒక్కసారే మింగుతున్నారన్నమాట. కలయిక జరిగిన 72 గంటలలోపు వేసుకోవాలని పెట్టె మీద రాసి ఉంటుంది. ఇంకో కంపెనీ అయితే ఆ అంకెను మాత్ర పేరులోనే పెట్టేసింది.

దాంతో చాలామంది ఆ మూడు రోజులూ చేతిలో ఉన్నాయనే అనుకుంటారు. 70వ గంటకు వేసుకున్నా సరిపోతుందని, 73వ గంటకైతే లాభం లేదని లెక్క వేసుకుంటారు. ఒంట్లో జరిగేది ఈ లెక్క ప్రకారం కాదు. ఆ గడువు పరిశోధకులు తమ పరీక్షలకు పెట్టుకున్న హద్దు. అది పెట్టె మీదికి ఎలా ఎక్కిందో తెలియాలంటే 1960ల నాటి అమెరికాకు వెళ్లాలి.

యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్లీన్ మోరిస్ అనే స్త్రీవైద్య నిపుణుడు, గెర్ట్రూడ్ వాన్ వాగెనెన్ అనే శాస్త్రవేత్త కలిసి కోతుల మీద పరిశోధన చేశారు. కలయిక తర్వాత ఆడకోతులకు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పెద్ద మోతాదులో ఇస్తే గర్భం నిలవలేదు. ఫలదీకరణ జరిగిన అండం గర్భాశయానికి అంటుకోకుండా ఈ మందు అడ్డుకుంటోందని వారు భావించారు. తర్వాత మందులు మారాయి, మోతాదులు మారాయి, కానీ ఆ భావన మాత్రం మరో అర్ధ శతాబ్దం పాటు వదల్లేదు.

ఆడవాళ్లకు ఇచ్చిన తొలి మాత్రల్లో ముఖ్యమైనది డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్. రోజుకు రెండుసార్లు 25 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు వాడాలి. వికారం, వాంతులు ఎంత తీవ్రంగా ఉండేవంటే చాలామంది కోర్సు పూర్తిచేయలేకపోయేవారు. ఈలోగా 1971లో ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు బోస్టన్ నుంచి ఒక చేదు వార్త చెప్పారు. గర్భిణిగా ఉన్నప్పుడు ఇదే మందు వాడిన తల్లులకు పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి, యుక్తవయసు వచ్చేసరికి, యోనిలో అరుదైన క్యాన్సర్ కనిపించింది. వేరే అవసరానికి, వేరే దశలో వాడినప్పుడు జరిగిన అనర్థమే అయినా, ఆ మందు మీద నమ్మకం పోయింది.

ఆ ఖాళీని కెనడా వైద్యుడు ఆల్బర్ట్ యూజ్‌పే పూరించారు. ఆయన కొత్త మందేదీ కనిపెట్టలేదు. దుకాణాల్లో దొరికే మామూలు గర్భనిరోధక మాత్రలనే ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసి, 1974లో తొలి ఫలితాలు ప్రకటించారు. కొన్నేళ్లకు ఆ పద్ధతి రెండు విడతలుగా స్థిరపడింది. ఓవ్రాల్ మాత్రలు రెండు వెంటనే, మరో రెండు 12 గంటల తర్వాత. ఎక్కడో కొనాల్సిన ప్రత్యేకమైన మందు కాదు కాబట్టి ఏ ఊళ్లో డాక్టరైనా రాసి ఇవ్వగలిగేవాడు. ఈ పరీక్షల్లో చేర్చుకున్నది కలయిక జరిగి 72 గంటలు దాటని స్త్రీలనే. పరిశోధకులు పెట్టుకున్న ఆ హద్దే తర్వాత వాడకానికి గడువు అయింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, మందు మారినా పెట్టె మీద ఉండిపోయింది.

ఇప్పటి మాత్ర పుట్టిల్లు హంగరీ. అక్కడి గెడియన్ రిక్టర్ కంపెనీ 1970ల చివర్లో 0.75 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ మాత్రను పోస్టినార్ పేరుతో తెచ్చింది. భర్త ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చే స్త్రీల వంటివారు, రోజూ మాత్ర మింగే బదులు, కలిసినప్పుడు మాత్రమే వేసుకోవడానికన్నది అప్పటి ఉద్దేశం. దాన్ని అత్యవసర మాత్రగా నిలబెట్టింది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన పరీక్ష. దాదాపు 2 వేల మంది స్త్రీలలో సగం మందికి యూజ్‌పే పద్ధతి, సగం మందికి లెవోనార్జెస్ట్రెల్ రెండు విడతలుగా ఇచ్చారు. మొదటివారిలో నూటికి 3.2 మందికి గర్భం వస్తే, రెండోవారిలో 1.1 మందికే వచ్చింది. వాంతులైన వారూ మూడో వంతుకు తగ్గారు. తర్వాత 2002లో, రెండు మాత్రలూ ఒకేసారి వేసుకున్నా ఫలితం అంతేనని తేలింది. ఐపిల్ ఒంటి మాత్రగా ఉండటానికి కారణం అదే.

1998 పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. మాత్ర లేకపోతే రావాల్సిన గర్భాల్లో, 24 గంటల్లోపు వేసుకున్నవారిలో 95 శాతం ఆగాయి. రెండో రోజు వేసుకున్నవారిలో 85 శాతం. మూడో రోజుకు అది 58కి పడిపోయింది. తర్వాత వచ్చిన అంచనాలు ఈ అంకెలను కొంత తగ్గించాయి గానీ, ఆలస్యమైన కొద్దీ నష్టమే అన్న మాట నిలిచింది. ఎందుకలా?

మగవాడి వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం మాత్రం విడుదలైన తర్వాత ఒక్క రోజుకు మించి నిలవదు. కాబట్టి చాలాసార్లు కలయిక ముందు జరుగుతుంది, వీర్యకణాలు లోపల కాచుకుని ఉంటాయి, అండం తర్వాత వస్తుంది. మెదడు అడుగున ఉన్న పిట్యుటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా ఉప్పొంగితే అండాశయంలోని సంచి పగిలి అండం బయటపడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ ఆ ఉప్పెన మొదలు కాకుండా ఆపుతుంది. అండం కొన్ని రోజులు ఆలస్యమవుతుంది, అది వచ్చేసరికి వీర్యకణాలు చచ్చిపోతాయి. మాత్ర చేసే పని ఇంతే. ఎల్‌హెచ్ ఒకసారి పెరగడం మొదలైందంటే దాన్ని వెనక్కి తిప్పే శక్తి దీనికి లేదు.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపింది చిలీ రాజధాని శాంటియాగోలో గాబ్రియేలా నోయే, హొరాసియో క్రోక్సాటో తదితరులు చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం. మాత్ర కోసం వచ్చిన స్త్రీలకు రక్త పరీక్షలు, స్కానింగ్ చేసి ఎవరికి అండం విడుదలైందో, ఎవరికి కాలేదో గుర్తించారు. అండం విడుదల కాకముందు మాత్ర వేసుకున్న 103 మందిలో, మామూలుగా అయితే 16 గర్భాలు రావాలి. ఒక్కటీ రాలేదు. విడుదలైన రోజున గానీ, ఆ తర్వాత గానీ వేసుకున్న 45 మందిలో దాదాపు 9 రావాలి. 8 వచ్చాయి. అంటే వీళ్లకు మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా ఒకటే. అండం అంటుకోకుండా ఆపే శక్తి మాత్రకు నిజంగా ఉంటే ఈ 8 గర్భాలూ ఆగి ఉండాలి కదా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2022 డిసెంబరులో లెవోనార్జెస్ట్రెల్ మాత్ర వివరాల్లోంచి, అండం అంటుకోకుండా ఆపవచ్చన్న పాత వాక్యాన్ని తీసేయడానికి ఆమోదం తెలిపింది. ఇది గర్భస్రావం మాత్ర కాదనడానికి ఆధారం కూడా ఇదే. అప్పటికే గర్భం వచ్చి ఉంటే ఇది దాన్ని తీసేయదు, పిండానికి హాని చేసినట్టూ కనిపించలేదు. గర్భస్రావానికి వాడేవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. ఆ కిట్ వేరు, దానికి డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 28 రోజులకోసారి క్రమం తప్పకుండా నెలసరి వచ్చే స్త్రీకి అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. 10వ రోజు రాత్రి కండోమ్ చిరిగింది. 11వ రోజు పొద్దున్నే మాత్ర వేసుకుంటే అప్పటికి ఎల్‌హెచ్ పెరగడం మొదలు కాదు, మాత్ర పని చేస్తుంది. అదే మాత్రను 13వ రోజు సాయంత్రం వేసుకుందనుకోండి. పెట్టె లెక్కన ఇంకా 72 గంటలు కాలేదు. కానీ లోపల ఉప్పెన మొదలై ఉండవచ్చు. గడువులోపే వేసుకున్నా గర్భం రావచ్చు.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. 11వ రోజునే మాత్ర వేసుకున్న స్త్రీ, ఇక భయం లేదనుకుని 16వ రోజున ఏ రక్షణా లేకుండా కలిసిందనుకుందాం. మాత్ర అండాన్ని రద్దు చేయలేదు, వాయిదా వేసింది. ఆ వాయిదా పడ్డ అండం 16కో, 18కో రావచ్చు. మామూలు నెలలో దాటిపోయి ఉండాల్సిన ప్రమాదకరమైన రోజులు ఈ నెలలో ఆలస్యంగా వచ్చాయి. మాత్ర వేసుకున్నా గర్భం వచ్చిందని చెప్పే కొన్ని కేసులకు కారణం ఇదే. కాబట్టి మాత్ర వేసుకున్నప్పటి నుంచి నెలసరి వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి. మాలా-డి వంటి రోజువారీ మాత్రలు మొదలుపెట్టాలంటే మర్నాడే మొదలుపెట్టవచ్చు, మొదటి ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి.

పని చేసిందో లేదో అప్పటికప్పుడు తెలుసుకునే మార్గం లేదు. కొన్ని రోజులకే కొద్దిగా రక్తం కనిపిస్తే గండం గడిచిందనుకుంటారు. అది మందు వల్ల వచ్చిన మరక కావచ్చు, దాన్ని నెలసరిగా లెక్కవేయకూడదు. రావాల్సిన తేదీ దాటి వారమైనా నెలసరి రాకపోతే, లేదా కలయిక జరిగి మూడు వారాలైతే, మూత్ర పరీక్ష చేసుకోవాలి. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర గర్భాన్ని ఆపలేకపోయినప్పుడు, అది ఫాలోపియన్ నాళంలో నిలిచి ఉండే అవకాశాన్ని డాక్టరు చూడాల్సి ఉంటుంది. మింగిన రెండు మూడు గంటల్లో వాంతి అయితే ఇంకో మాత్ర వేసుకోవాలి.

మందు బలం తగ్గే సందర్భాలూ ఉన్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజపైన్ లెవోనార్జెస్ట్రెల్‌ను కాలేయంలో త్వరగా కరిగించేస్తాయి. బరువు ఎక్కువ ఉన్న స్త్రీల రక్తంలో మందు స్థాయి తక్కువగా ఉంటుంది. 70 కిలోలు దాటితే రెట్టింపు మోతాదు గురించి ఆలోచించాలని బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి ఈ మాత్ర ఏ రక్షణా ఇవ్వదు.

మన దేశంలో లెవోనార్జెస్ట్రెల్ అత్యవసర మాత్రకు 2000ల మొదట్లో అనుమతి వచ్చింది. 2005 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు. 2007లో ఐపిల్ ప్రకటనలు టీవీల్లోకి వచ్చాక ఊరూరా తెలిసింది. ఆశా కార్యకర్తల దగ్గర కూడా ఈ మాత్ర దొరుకుతుంది. అయితే ఇంతకంటే నమ్మదగినది ఒకటుంది. కలయిక జరిగిన ఐదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకుంటే నూటికి 99కి పైగా గర్భాలు ఆగుతాయి. రాగి వీర్యకణాలను దెబ్బతీస్తుంది కాబట్టి అండం విడుదలైందా లేదా అన్న ప్రశ్న అడ్డురాదు, బరువుతోనూ పని లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే కాపాడుతుంది. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడ్డాయనో, దాటాయనో అనుమానం ఉన్నవారికి ఇదే సరైన దారి.

మెడికల్ షాపుకు వచ్చినవారిని ఎన్ని గంటలైందని మాత్రమే అడుగుతుంటారు. దాంతోపాటు కిందటి నెలసరి ఎప్పుడు మొదలైందనీ అడగాలి. 11వ రోజున ఉన్నవారైతే మాత్ర అక్కడే నీళ్లతో మింగేయడం మంచిది. 14వ రోజున ఉన్నవారికైతే మాత్ర ఇచ్చి ఊరుకోకుండా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కాపర్-టి గురించి అడగమని చెప్పాలి.