వెబ్‌సైట్ నిర్వహణ ఒప్పందం

ఇది చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లను నెలవారీ రుసుముకు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. వర్డ్‌ప్రెస్ సైట్లకు దీని అవసరం ఎక్కువ. పాతబడ్డ ప్లగిన్ల గుండానే చాలా దాడులు జరుగుతాయి. ముందు బ్యాకప్ తీసి, నకలు సైట్‌లో ప్లగిన్లను అప్‌డేట్ చేసి, ఆర్డరు ఫారం పనిచేస్తోందని చూశాకే అసలు సైట్ జోలికి వెళ్తారు. బ్యాకప్‌లో ఫైళ్లతోపాటు డేటాబేస్ కూడా ఉండాలి. దాన్ని సైట్ ఉన్న సర్వర్‌లోనే దాస్తే, సర్వర్ పోయిన రోజున అదీ పోతుంది. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నమ్మలేం. భద్రతా తనిఖీలో ఎవరివో తెలియని అడ్మిన్ ఖాతాల కోసం, మారిన ఫైళ్ల కోసం వెతుకుతారు.

ఉదాహరణకు నెలకు రెండు గంటల పని, గంటకు 600 రూపాయలు, బ్యాకప్ నిల్వకు 300 అనుకుంటే రుసుము 1,500. ఏ గొడవా లేని నెలలోనే యజమానికి ఈ డబ్బు దండగ అనిపిస్తుంది. అందుకే చేసిన పనుల చిట్టా నెలనెలా పంపుతారు. కొత్త పేజీల తయారీకి విడిగా చెల్లించాలని ఒప్పందంలోనే రాసుకుంటారు.