బొమ్మను కొట్టిన పిల్లలు – ఒక పాత ప్రయోగం

పోయిన వేసవి సెలవుల్లో మడివాళలో మా ఇంటి ముందు ఆడుకుంటూ మా తమ్ముడు ఎదురింటి బాబును ఎగిరి తన్నాడు. తమ్ముడికి ఆరేళ్లు. వీధిలో అందరూ ఒకటే మాట అన్నారు. "ఫోన్లో ఫైట్లు చూసి చూసి వీడిలా తయారయ్యాడు" అని. నాన్న ఆ రాత్రే ఫోన్ తీసి బీరువాలో పెట్టేశారు. నాకు మాత్రం సందేహం తీరలేదు. అవే ఫైట్లు నేనూ చూశాను కదా, నేనెవర్నీ తన్నలేదే? మా టీచర్‌ని అడిగితే 1961 నాటి ఒక ప్రయోగం గురించి చెప్పారు. దాని కథే ఈ వ్యాసం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. మెచ్చుకుంటేనో, శిక్షిస్తేనో పిల్లలు నేర్చుకుంటారని అప్పట్లో చాలామంది అనుకునేవారు. ఊరికే చూసి కూడా నేర్చుకుంటారా అన్నది బండూరా ప్రశ్న. ఆయన, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి ఆ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలోని 72 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్లంతా సుమారు మూడు నుంచి ఆరేళ్ల లోపువాళ్లు.

24 మంది పిల్లల ముందు ఒక పెద్దవాళ్లు 'బోబో' అనే గాలి బొమ్మను కొట్టారు. ఎటు తోసినా మళ్లీ లేచి నిలబడే మన తంజావూరు బొమ్మలాంటిదే అది, కాకపోతే చాలా పెద్దది. దాన్ని పడేసి, మీద కూర్చుని ముక్కు మీద గుద్దారు. చెక్క సుత్తితో తల మీద కొట్టారు, పైకి విసిరారు, గది అంతా తన్నారు. ఇంకో 24 మంది ముందు ఆ పెద్దవాళ్లు బొమ్మ జోలికి పోకుండా నెమ్మదిగా వేరే ఆటవస్తువులతో ఆడుకున్నారు. మిగిలిన 24 మందికి ఎవర్నీ చూపించలేదు.

తర్వాత ప్రతి పిల్లకీ మంచి బొమ్మలు ఇచ్చి, రెండు నిమిషాలకే లాగేసుకున్నారు. కొంచెం కోపం రావాలని అలా చేశారు. ఆ తర్వాత బోబో, సుత్తి, టీ కప్పులు, క్రేయాన్లు ఉన్న గదిలో 20 నిమిషాలు వదిలి, అద్దం వెనక నుంచి చూశారు.

ఇక్కడ ఒక తెలివైన సంగతి ఉంది. పిల్లలు బొమ్మను మామూలుగా కొట్టడం వేరు, మీద కూర్చుని ముక్కు మీద గుద్దడం వేరు. రెండోది దానంతటది తోచే అవకాశం తక్కువ. కాబట్టి అచ్చం అలాగే చేస్తే, చూసి నేర్చుకున్నారని చెప్పొచ్చు. కొట్టడం చూసిన పిల్లల్లో అలాంటి పనులు చాలా కనిపించాయి. చూడని రెండు గుంపుల్లో సుమారు 70 శాతం మంది ఒక్కటి కూడా చేయలేదు.

1965లో బండూరా ఇంకో ప్రయోగం ప్రచురించారు. బొమ్మను కొట్టినవాడికి శిక్ష పడడం ఫిల్మ్‌లో చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. అయితే "వాడేం చేశాడో చేసి చూపించు, జ్యూస్, స్టిక్కర్లు ఇస్తాం" అనగానే ఆ తేడా పోయింది. అంటే వాళ్లూ నేర్చుకున్నారు, చెయ్యలేదు అంతే! నేర్చుకోవడం ఒకటి, చెయ్యడం ఇంకొకటి. నా సందేహంలో సగం ఇక్కడ తీరింది.

మరి ఈ ప్రయోగం చెప్పలేనివి ఏంటి? బోబో కొట్టడానికే చేసిన బొమ్మ. దానికి నొప్పి లేదు, అది తిరిగి కొట్టదు. దాన్ని గుద్దిన పాప తోటి పిల్లను గుద్దుతుందని చెప్పలేం. "పెద్దవాళ్లు చేసి చూపించారు, మనమూ ఇలాగే ఆడాలేమో" అని కొందరు అనుకుని ఉండొచ్చు. చూసిన కాసేపటికే పరీక్షించారు కాబట్టి, ఏళ్ల తరబడి ఫైట్లు చూస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తేలదు. పైగా అందరూ ఒక్క బడి పిల్లలే.

ఇదంతా చదివాక తమ్ముడి సంగతి మళ్లీ ఆలోచించాను. ఆ ఎగిరి తన్నడం సినిమాదే, నేనూ గుర్తుపట్టాను. కానీ తన్నేటప్పుడు వాడు "ఇంకోసారి ముట్టుకున్నావంటే చూడు!" అని అరిచాడు. ఆ మాట ఏ సినిమాలోదీ కాదు. వాడు నా పుస్తకాలు తీసినప్పుడల్లా, చెయ్యి ఎత్తి నేను అరిచే మాట అది. మాట, గొంతు రెండూ నావే. సుత్తి దెబ్బ చూసి బండూరా గుర్తుపట్టినట్టే నేనూ గుర్తుపట్టాను. వాడు తన్నింది నావల్లేనని దీంతో రుజువు కాదు. కానీ మాట ఎక్కడ నేర్చాడో మాత్రం తెలిసింది.

ఈ సంగతి నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేనూ నీ మీద అలాగే అరుస్తాను కదరా" అన్నారు.