కంపెనీ మునిగితే ఓనర్ ఇల్లు కూడా పోతుందా? ఒక బూట్ల వ్యాపారి కేసు కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఫోన్‌లో ఒక కంపెనీ షేర్లు 5,000 రూపాయలకు కొన్నారు. ఆర్నెల్లలో ఆ కంపెనీ వేల కోట్ల అప్పుతో మునిగిపోయింది. బ్యాంకువాళ్లు మీ ఇంటికొచ్చి, "నువ్వు కూడా ఓనర్‌వే కదా, నీ వాటా అప్పు కట్టు" అంటారా? అనరు. మీ 5,000 పోతాయి, కథ అక్కడితో అయిపోతుంది. దీన్నే లిమిటెడ్ లయబిలిటీ అంటారు. తెలుగులో పరిమిత బాధ్యత.

ఇది మనకి చాలా సహజంగా అనిపిస్తుంది గానీ, ఒకప్పుడు ఇలా లేదు. 1878లో స్కాట్లాండ్‌లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంక్ అని ఒకటి కుప్పకూలింది. ఆ బ్యాంకు షేర్‌హోల్డర్లకి ఈ రక్షణ లేదు. అందుకే ముందు ప్రతి 100 పౌండ్ల స్టాక్‌కి 500 పౌండ్లు కట్టమన్నారు. అది చాలక తర్వాత ఇంకో 2,250 అడిగారు. 100 పెట్టినవాడు 2,750 కట్టాలన్నమాట! షేర్‌హోల్డర్లలో ఎక్కువమంది దివాలా తీశారు. బ్యాంకు నడిపింది వాళ్లు కాదు, లెక్కలు తారుమారు చేసింది వాళ్లు కాదు. అయినా ఇళ్లు, పొలాలు పోయాయి.

అప్పటికే బ్రిటన్‌లో 1855లోనే పరిమిత బాధ్యత చట్టం వచ్చింది. ఆ బ్యాంకు దాని కిందకి రాలేదు, అంతే. చట్టం ఉన్నా ఒక పెద్ద ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. వేలమంది షేర్‌హోల్డర్లున్న కంపెనీకి ఈ రక్షణ ఇవ్వడం ఓకే. మరి ఒకే మనిషి నడిపే కుటుంబ వ్యాపారానికి "లిమిటెడ్" అని బోర్డు పెడితే? అప్పుడు కూడా ఇవ్వాలా? దీనికి జవాబు చెప్పింది ఒక బూట్ల వ్యాపారి కేసు.

ఆయన పేరు ఆరన్ సాలమన్. లండన్‌లోని వైట్‌చాపెల్‌లో తోలు బూట్లు తయారుచేసేవాడు. ఏళ్ల తరబడి సొంత పేరు మీద వ్యాపారం బాగా నడిపాడు. కొడుకులు పెద్దవాళ్లయ్యారు, మాకూ వాటా కావాలన్నారు. దాంతో 1892లో వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. అప్పటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆయన, భార్య, కూతురు, నలుగురు కొడుకులు. సరిగ్గా ఏడుగురు! భార్యాపిల్లలకి తలా ఒక్క షేరు. ఆయనకి 20,001 షేర్లు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. సాలమన్ తన పాత వ్యాపారాన్ని ఈ కొత్త కంపెనీకి దాదాపు 39,000 పౌండ్లకి "అమ్మాడు". అది బాగా ఎక్కువ రేటే. కంపెనీ దగ్గర అంత డబ్బు లేదు కదా, అందుకని ఎక్కువ భాగం షేర్ల రూపంలో ఇచ్చింది. ఇంకో 10,000 పౌండ్లకి డిబెంచర్లు ఇచ్చింది. డిబెంచర్ అంటే "కంపెనీ నీకు బాకీ, కంపెనీ ఆస్తి నీకు తాకట్టు" అని రాసిచ్చిన పత్రం అనుకోండి. అంటే సాలమన్ ఒకేసారి రెండు పాత్రల్లో ఉన్నాడు. కంపెనీకి ఓనరూ ఆయనే, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాడూ ఆయనే.

తర్వాత బూట్ల పరిశ్రమలో స్ట్రైకులు వచ్చాయి, ఆర్డర్లు తగ్గాయి. కంపెనీని నిలబెట్టడానికి సాలమన్ తన డిబెంచర్లు తాకట్టుపెట్టి, ఒకతని దగ్గర 5,000 పౌండ్లు తెచ్చి కంపెనీలో పెట్టాడు. లాభం లేకపోయింది. 1893లో కంపెనీ మూతపడింది. ఆస్తులు అమ్మితే ఆ 5,000 ఇచ్చినతని బాకీ తీరాక వెయ్యి పౌండ్ల పైచిలుకు మిగిలింది. అది డిబెంచర్ల లెక్కలో నాకే రావాలని సాలమన్ అన్నాడు. తాకట్టు లేకుండా సరుకు అరువిచ్చిన వాళ్లకి రావాల్సింది 7,500 పౌండ్లకి పైగా. వాళ్ల చేతికి సున్నా.

వాళ్ల కోపం అర్థమవుతుంది కదా? వాళ్ల తరఫున లిక్విడేటర్, అంటే మూతపడిన కంపెనీ లెక్కలు తేల్చే అధికారి, కోర్టులో వాదించాడు. కింది కోర్టు, కంపెనీ సాలమన్‌కి ఏజెంట్ మాత్రమే, కాబట్టి అప్పు ఆయనే కట్టాలంది. అప్పీల్ కోర్టు కూడా ఆయన్నే తప్పుపట్టింది. మిగతా ఆరుగురూ పేరుకి మాత్రమే ఉన్నారు, ఇది చట్టాన్ని వాడుకుని చేసిన ఎత్తు అంది.

కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్‌కి వెళ్లింది. అప్పటికి సాలమన్ దగ్గర డబ్బుల్లేవు, పేదవాళ్లకిచ్చే వెసులుబాటు మీద అప్పీల్ చేసుకున్నాడు. 1896 నవంబర్‌లో తీర్పు మొత్తం తిరగబడింది. చట్టం ఏడుగురు ఉండాలంది, ఉన్నారు. ఆ ఏడుగురు బయటివాళ్లే కావాలనిగానీ, అందరికీ సమానంగా షేర్లుండాలనిగానీ ఎక్కడా చెప్పలేదు. మోసం జరిగిందనీ రుజువు కాలేదు. కాబట్టి రిజిస్టరైన కంపెనీ వేరే వ్యక్తి, సాలమన్ వేరే వ్యక్తి. కంపెనీ అప్పు సాలమన్ అప్పు కాదు. డిబెంచర్లు కూడా చెల్లుతాయి.

ఈ రెండింటి మధ్య ఉన్న తెరనే కార్పొరేట్ వీల్ అంటారు. మన దేశంలో కూడా కంపెనీ చట్టానికి పునాది ఇదే.

మరి ఆ తెరని ఎప్పుడు తీస్తారు? దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. బొంబాయి హైకోర్టు 1927లో తేల్చిన సర్ దిన్షా మానెక్‌జీ పెటిట్ కేసు. ఆయనకి పెట్టుబడుల మీద డివిడెండ్లు, వడ్డీలు బాగా వచ్చేవి. వాటి మీద సూపర్ ట్యాక్స్ తగ్గించుకోవడానికి నాలుగు ప్రైవేట్ కంపెనీలు పెట్టి, పెట్టుబడుల్ని వాటికి మార్చాడు. ఆదాయం కంపెనీ ఖాతాలో పడుతుంది. కంపెనీ అదే డబ్బుని ఆయనకి "అప్పు"గా ఇస్తుంది. ఆదాయం అయితే పన్ను కట్టాలి, అప్పుకి పన్నుండదు కదా!

కోర్టు తెర తీసి చూసింది. ఈ కంపెనీలు చేసే వ్యాపారం ఏమీ లేదు. ఆదాయాన్ని తీసుకుని, అప్పు పేరుతో తిరిగి అదే మనిషికి ఇవ్వడం తప్ప ఇంకో పని లేదు. కాబట్టి కంపెనీ అంటే ఆయనే, పన్ను కట్టాల్సిందే అంది.

ఇప్పుడు రెండు కేసులూ పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ ఒకే మనిషి చేతిలో కంపెనీ ఉంది. కాబట్టి ఒకే మనిషి ఉండటం అసలు తప్పే కాదు. తేడా ఎక్కడుందంటే, సాలమన్ కంపెనీ నిజంగా బూట్లు చేసి అమ్మింది, పోయేటప్పుడు ఆయన సొమ్ము కూడా పోయింది. పెటిట్ కంపెనీలు పన్ను తప్పించుకునే కాగితాలు మాత్రమే. కోర్టు చూసేది కంపెనీ నష్టపోయిందా అని కాదు. ముందే ఉన్న బాధ్యత నుంచి తప్పించుకోవడానికో, మోసానికో కంపెనీని వాడారా అని. ఆ రుజువు లేకపోతే తెర అలాగే ఉంటుంది. అరువిచ్చినవాళ్లకి అన్యాయంగా అనిపించినా సరే.

స్టార్టప్ పెడదామనుకునే ఫ్రెండ్స్‌కి ఒక మాట. చాలాసార్లు కోర్టు దాకా వెళ్లక ముందే మన సంతకమే ఆ తెరని తీసేస్తుంది. చిన్న కంపెనీకి లోనిచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల నుంచి పర్సనల్ గ్యారంటీ అడుగుతుంది. అది రాసిస్తే ఆ లోను వరకు మీ ఇల్లు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పేరు చివర "ప్రైవేట్ లిమిటెడ్" ఉన్నా అక్కడ అది మిమ్మల్ని కాపాడదు. కాబట్టి లోన్ కాగితాల్లో ఆ పేజీ ఉందేమో చూసుకుని సంతకం పెట్టండి.

అలాగే మీరు ఒక ప్రైవేట్ లిమిటెడ్‌కి సరుకు అరువిస్తుంటే, దాని ఆస్తులు ఇప్పటికే ఎవరికి తాకట్టులో ఉన్నాయో కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. సాలమన్‌కి అరువిచ్చినవాళ్లు నష్టపోయింది సరిగ్గా అలాంటి తాకట్టు వల్లే. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.